తలస్నానం ఆదివారం, దురద మంగళవారం: షాంపూలో ఏది పడట్లేదో ఇంట్లోనే ఎలా తేల్చుకోవాలి

మా వదిన ఆదివారం పొద్దున తలస్నానం చేసేది. సోమవారం ఏమీ ఉండేది కాదు. మంగళవారం సాయంత్రానికి చెవుల వెనుక దురద మొదలయ్యేది. బుధవారం నిద్ర లేచేసరికి కనురెప్పలు ఉబ్బి, మెడ వెనుక జుట్టు మొదట్లో ఎర్రగా దద్దురు తేలేది. ఇంట్లో అందరం మంగళవారం తిన్న వంకాయ కూరను అనుమానించాం. తర్వాత గోంగూరను, ఆ తర్వాత రొయ్యల్ని. ఆదివారం నాటి షాంపూ వైపు నాలుగు నెలల పాటు ఎవరి దృష్టీ పోలేదు.

నేను మెడికల్ షాపులో పనిచేస్తాను. ఇదే బాధతో వచ్చి క్రీమ్ అడిగేవాళ్లను వారానికి ఒకరిద్దరినైనా చూస్తాను. అందుకే వదిన విషయంలో మేం చేసిన పనిని, ఎక్కడ పొరబడ్డామో దానితో సహా, మీరూ చేసుకోగలిగేలా వరుసగా రాస్తున్నాను.

ముందు ఆ రెండు రోజుల ఆలస్యం సంగతి

షాంపూ వల్ల వచ్చే ఈ అలర్జీ తుమ్ములు, ఆయాసం వచ్చే రకం కాదు. ఒంట్లోని రక్షణ కణాలు ఒక పదార్థాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటాయి. మళ్లీ అది చర్మానికి తగిలినప్పుడు అవి అక్కడికి చేరి వాపు తెస్తాయి. దానికి సాధారణంగా ఒక రోజు నుంచి మూడు రోజులు పడుతుంది. వారానికి రెండుసార్లు తలస్నానం చేసేవాళ్లకు ఒక విడత తగ్గేలోపే ఇంకో విడత మొదలవుతుంది. దాంతో దద్దురు ఎప్పుడూ ఉన్నట్టే అనిపిస్తుంది తప్ప స్నానంతో దానికున్న లంకె కంటికి కనబడదు.

"అదే షాంపూ మూడేళ్లుగా వాడుతున్నాను, కొత్తదేమీ కాదే" అనేది వదిన. దాదాపు అందరూ అనే మాట ఇదే. మూడేళ్లు వాడినంత మాత్రాన షాంపూ నిర్దోషి అయిపోదు. ఈ అలర్జీ పుట్టాలంటే ఆ పదార్థం ముందు కొన్నాళ్లు చర్మానికి తగులుతూ ఉండాలి. ఎన్నో ఏళ్లు పడిన వస్తువు ఒక రోజు నుంచి పడకపోవడం ఇందులో మామూలే. పైగా సీసా మీద బొమ్మ మారకుండానే లోపలి సరుకు మారి ఉండవచ్చు.

1. దద్దురు ఎక్కడెక్కడ ఉందో చూడండి

అద్దం ముందు నిలబడి, వెనుక భాగం ఇంకొకరి చేత ఫోన్‌లో ఫొటో తీయించుకోండి. నెత్తి చర్మం మందం. కనురెప్పల చర్మం ఒంట్లోకెల్లా పలచన. అందుకని షాంపూ పడనివాళ్లకు నెత్తి మీద కొంచెం దురద, పొట్టు మాత్రమే ఉండి, అసలు ఎరుపంతా నురుగు కారిన దారిలో కనిపించవచ్చు. నుదుటి అంచు, కనురెప్పలు, చెవుల ముందు, వెనుక, మెడకు రెండు పక్కలు, మెడ వెనుక, ఒక్కోసారి భుజాలు. వదిన ఫొటోలో మెడ మీద ఎరుపు చారల్లా కిందికి దిగి ఉంది. తల కడిగిన నీళ్లు జారే దారి అదే.

మామూలు చుండ్రులో జిడ్డుగా ఉండే పసుపు పొట్టు నెత్తి మీద, కనుబొమల్లో, ముక్కు పక్కల ఉంటుంది. సోరియాసిస్‌లో వెండి రంగు మందపాటి పొలుసులు, గట్టి అంచుతో ఉంటాయి. నుదుటి మధ్య బొట్టు పెట్టుకునే చోట మాత్రమే గుండ్రంగా ఎర్రబడితే స్టిక్కర్ జిగురును అనుమానించాలి. పొలం పనులకు వెళ్లేవాళ్లకు, ఖాళీ స్థలాల పక్కన ఉండేవాళ్లకు ముఖం, కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు ఎర్రబడుతుంటే వయ్యారిభామ మొక్క కూడా కారణం కావచ్చు. చివరగా, ఎంత చిన్న విషయం అనిపించినా పేలు ఉన్నాయేమో చూడండి. మెడ వెనుక దురదకు అవి పాత కారణం.

తల స్నానం చేసిన నిమిషాల్లోనే ఒళ్లంతా దద్దుర్లు లేచినా, పెదవులు ఉబ్బినా, ఊపిరి ఆడకపోయినా అది వేరే జాతి అలర్జీ. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇక్కడ రాసిన పరీక్షలేవీ వాళ్ల కోసం కాదు. కళ్లు మూసుకుపోయేంత వాపు, నీరు కారే పుండ్లు ఉన్నవాళ్లు కూడా ముందు చర్మ డాక్టర్‌ని కలవాలి.

2. సీసా వెనుక చదవండి

కుంకుడు రసం రెండో రోజుకే పులిసి వాసన కొడుతుంది కదా. షాంపూలోనూ ఎక్కువ భాగం నీళ్లే. అది నెలల తరబడి పాడవకుండా ఉండాలంటే సూక్ష్మజీవుల్ని చంపే పదార్థం, అంటే ప్రిజర్వేటివ్, అందులో ఉండి తీరాలి. షాంపూలో అలర్జీ తెచ్చేవాటిలో ముందు చూడాల్సినవి రెండే: ఈ ప్రిజర్వేటివ్, సువాసన.

ప్రిజర్వేటివ్‌లలో మొదట వెతకాల్సింది మిథైల్ ఐసోథయజోలినోన్, దాని జోడీ మిథైల్ క్లోరో ఐసోథయజోలినోన్. లేబుల్ మీద ఇంగ్లిష్‌లో, తరచుగా జాబితా చివర్లో ఉంటాయి. 'ఎం' అక్షరంతో మొదలై 'జోలినోన్' అని ముగిసే పొడుగాటి మాట ఏది కనిపించినా గుర్తు పెట్టుకోండి. అమెరికాలో ఈ రంగపు చర్మ వైద్యుల సంఘం మిథైల్ ఐసోథయజోలినోన్‌ను 2013కు 'ఆ ఏటి అలర్జీ కారకం'గా ప్రకటించింది. యూరప్‌లో 2017 నుంచి ఒంటికి రాసుకుని వదిలేసే క్రీముల్లో దాన్ని నిషేధించారు. షాంపూలాగా కడిగేసేవాటిలో 2018 నుంచి పది లక్షల పాళ్లకు 15 పాళ్లు మించకూడదన్నారు. అంత కొంచెమే ఉన్నా, అప్పటికే పడనివాళ్లకు కొందరికి అది చాలు.

రెండో గుంపు, సూక్ష్మజీవుల్ని చంపే ఫార్మాల్డిహైడ్ అనే రసాయనాన్ని మెల్లగా వదిలే పదార్థాలు. పేరులో ఆ మాట ఉండదు కాబట్టి కనిపెట్టడం కష్టం. షాంపూల్లో ఎక్కువగా కనిపించేది డీఎండీఎం హైడాంటోయిన్. ఇమిడజోలిడినైల్ యూరియా, డయజోలిడినైల్ యూరియా కూడా ఈ కోవలోవే.

సువాసన దగ్గర లేబుల్ పెద్దగా సాయం చేయదు. పదుల సంఖ్యలో పదార్థాలు కలిసినా 'పర్‌ఫ్యూమ్' లేదా 'ఫ్రాగ్రెన్స్' అని ఒక్క మాటతో సరిపెడతారు. కొన్ని సీసాల మీద లినలూల్, లిమొనీన్ లాంటి పేర్లు విడిగా కనిపిస్తాయి, అవీ సువాసనలే. 'హెర్బల్' అని రాసి ఉన్నా ఇదే వర్తిస్తుంది. లావెండర్ నూనె, నారింజ తొక్క నూనె మొక్కల నుంచి వచ్చినవే, అలర్జీ తెచ్చేవే.

ఇక్కడే రెండు అపోహలు చెప్పాలి. పారాబెన్ అనే రకం ప్రిజర్వేటివ్ లేదన్న ముద్ర చూసి ధైర్యంగా కొనేవాళ్లు చాలామంది. అలర్జీ విషయంలో మాత్రం పారాబెన్‌లు మంచివాటి లెక్క. పైన చెప్పిన సంఘమే 2019లో వాటిని 'అలర్జీ కారకం కానిది'గా ఎంచుకుని ప్రత్యేకంగా పేర్కొంది. పారాబెన్ తీసేసిన చోట ఐసోథయజోలినోన్ పెట్టిన షాంపూలూ ఉన్నాయి. రెండో అపోహ, నురుగు కోసం కలిపే సల్ఫేట్ వల్లే అలర్జీ వస్తుందని. అది చర్మాన్ని ఎండబెట్టి మంట పుట్టించవచ్చు గానీ, చాలావరకు అది అలర్జీ కాదు.

ఇంకో ఇబ్బంది చిన్న ప్యాకెట్లతో. మన నిబంధనల్లో 60 మిల్లీలీటర్ల కంటే తక్కువ ఉండే ద్రవాల ప్యాకింగ్ మీద పదార్థాల జాబితా రాయనక్కర్లేదన్న మినహాయింపు ఉంది. రూపాయి, రెండు రూపాయల షాంపూ ప్యాకెట్ మీద జాబితా లేకపోవడానికి కారణం ఇదే. దోషిని వెతుకుతున్నన్ని రోజులూ ప్యాకెట్ షాంపూ జోలికి పోకండి.

3. నాలుగు వారాలు అన్నీ ఆపండి

ఈ దశలోనే ఎక్కువమంది తప్పు చేస్తారు. పాత షాంపూ ఆపి, వెంటనే ఇంకో షాంపూ మొదలుపెడతారు. రెండింటిలోనూ అదే ప్రిజర్వేటివ్ ఉండవచ్చు. అప్పుడు దద్దురు తగ్గదు, "షాంపూ కాదులే" అనుకుని తప్పుదారి పడతారు. వదినకు జరిగింది సరిగ్గా అదే. చుండ్రు అనుకుని చుండ్రు షాంపూకు మారింది. అందులోనూ ఐసోథయజోలినోన్ ఉంది, దద్దురు ఇంకా ముదిరింది.

కాబట్టి షాంపూ, కండిషనర్, సీరమ్, వాసన ఉన్న తలనూనె, జుట్టు రంగు అన్నీ ఒకేసారి ఆపండి. ఎర్రదనం ఎక్కువగా ఉన్న మొదటి వారం ఉత్త గోరువెచ్చని నీళ్లతోనే కడగండి. ఆ తర్వాత కుంకుడుకాయలు. పొడి కాదు, కాయలే కొనండి. పొడుల్లో ఏం కలిసిందో తెలియదు, వాసన కోసం కలిపినవీ ఉంటాయి. ఎనిమిది, పది కాయలు కొట్టి, గింజ తీసేసి, వేడినీళ్లలో గంటసేపు నానబెట్టి పిసికి వడకట్టండి. ఏ పూటకు ఆ పూటే చేసుకోండి. కళ్లలో పడితే విపరీతంగా మండుతుంది, కనురెప్పలు ముందే వాచి ఉంటే మరీను. అందుకని తల వెనక్కి వంచి ఇంకొకరి చేత పోయించుకోవడం మంచిది. మెంతులు, మందార ఆకు, శీకాయ ఇప్పుడు కలపకండి, ఎంత అలవాటైనా సరే. ఈ నాలుగు వారాలూ తల కడగడానికి వాడేది ఒక్కటే వస్తువై ఉండాలి. కుంకుడు కూడా పడనివాళ్లు ఉంటారు. మంట పెరిగితే దాన్నీ మానేసి మళ్లీ ఉత్త నీళ్లకే వెళ్లండి. నూనె కావాలంటే గానుగలో ఆడించిన ఉత్త కొబ్బరినూనె చాలు.

పాత దిండు గలీబులు, తువ్వాళ్లు, దువ్వెన ఒకసారి శుభ్రంగా ఉతికి, కడిగి పెట్టుకోండి.

షాపులో ఉండేదాన్ని కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతాను. స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిసిన ట్యూబ్ అడిగి తీసుకుని కనురెప్పలకు రాయకండి. రెండు రోజుల్లో ఎరుపు పోతుంది, ఆపగానే తిరిగొస్తుంది. పలచని చర్మం ఇంకా పలచబడుతుంది, కంటికీ హాని చేయవచ్చు. మన పరిశోధన వైపు నుంచి చూసినా నష్టమే. తగ్గింది షాంపూ ఆపినందుకా, క్రీము రాసినందుకా అన్నది తేలదు. బాధ ఓర్చుకోలేనంత ఉంటే డాక్టర్ రాసిన మందు, రాసినన్ని రోజులే వాడి, ఆ తేదీలు రాసిపెట్టుకోండి. నాలుగు వారాల లెక్కను మందు ఆపిన రోజు నుంచి మొదలుపెట్టండి.

గోడ క్యాలెండర్ మీద రోజుకు ఒక అంకె వేయండి. దురద లేకపోతే సున్నా, నిద్ర పట్టనంత ఉంటే మూడు. తలస్నానం చేసిన రోజు చుట్టూ గీత గీయండి. వదిన క్యాలెండర్‌లో మొదటి వారమంతా రెండు, మూడు అంకెలే. పదకొండో రోజు తొలిసారి ఒకటి కనిపించింది. ఇరవై మూడో రోజు నుంచి వరుసగా సున్నాలు. నాలుగు నుంచి ఆరు వారాలైనా ఏమీ తగ్గకపోతే తలకు వాడేవి కారణం కాకపోవచ్చు, లేదా ఫేస్ వాష్, సబ్బు లాంటిది ఏదో ఇంకా తగులుతూ ఉండవచ్చు. అక్కడ ఆగి డాక్టర్‌కి చూపించుకోండి.

4. ఒక్కొక్కటిగా వెనక్కి తెచ్చి చూడండి

సున్నాలు కనీసం వారం పాటు నిలబడ్డాకే ఈ మెట్టు ఎక్కాలి. మొదటిసారి దద్దురు తీవ్రంగా వచ్చినవాళ్లు దీన్ని వదిలేసి నేరుగా తర్వాతి మెట్టుకు వెళ్లండి.

ఇక్కడ చేయాల్సింది సువాసననూ ప్రిజర్వేటివ్‌నూ విడదీయడం. అందుకు సువాసన ఉండి, 'జోలినోన్' మాటలూ ఫార్మాల్డిహైడ్ వదిలేవీ రెండూ లేని షాంపూ ఒకటి వెతకండి. అలాంటివాటిలో నిల్వ కోసం సోడియం బెంజోయేట్ లేదా ఫినాక్సీ ఎథనాల్ కనిపిస్తుంది. దాంతో వారానికి రెండుసార్ల చొప్పున రెండు వారాలు, మొత్తం నాలుగు తలస్నానాలు చేయండి. మొదటి స్నానం తర్వాత మూడు రోజులూ పూర్తిగా గడిచాకే రెండోది. ఎక్కడైనా ఎరుపు కనిపిస్తే అక్కడితో ఆపేయండి, నాలుగూ పూర్తి చేయాలన్న పట్టుదల వద్దు.

నాలుగు స్నానాలూ ప్రశాంతంగా గడిస్తే అనుమానం ప్రిజర్వేటివ్ వైపు మొగ్గుతుంది. అయితే ఆ షాంపూలోని సువాసన పడిందంటే అన్ని సువాసనలూ పడ్డట్టు కాదు. ఒక్కో కంపెనీ కలిపే పదార్థాలు వేరు. దద్దురు వస్తే సువాసన మీద అనుమానం పెరుగుతుంది, కానీ ఆ షాంపూలో ఉన్న మిగతావీ లెక్కలోనే ఉంటాయి. నురుగు కోసం కలిపే కోకమిడోప్రొపైల్ బీటైన్ వాటిలో ముఖ్యమైనది. అందుకే ఇంటి పరీక్ష అనుమానాన్ని ఒక వైపుకు నెట్టగలదు తప్ప, ఫలానాదే అని తేల్చి చెప్పలేదు.

వాసన ఉన్న తలనూనె, సీరమ్ లాంటి కడగనివాటిని మోచేతి మడత దగ్గర పరీక్షించుకోవచ్చు. రూపాయి బిళ్లకు రెట్టింపు చోటులో రోజుకు రెండుసార్లు, రెండు వారాలు ఒకే చోట రాయండి. దురద, ఎరుపు, చిన్న పొక్కులు వస్తే ఆపేయండి. షాంపూను మాత్రం ఇలా రాసి వదిలేయకండి, ప్లాస్టర్ కింద పెట్టి మూయకండి. నేను మొదట్లో ఆ తప్పు చేశాను. చిక్కటి షాంపూ చుక్కను దూదితో నా చేతికే అంటించి రాత్రంతా ఉంచాను. పొద్దున్నకి గుండ్రంగా ఎర్రబడి, చర్మం ముడతలు పడి మెరుస్తోంది, మంట తప్ప దురద లేదు. నాకు ఏ అలర్జీ లేదు. అది సబ్బు కాల్చిన మచ్చ, ఎవరికైనా వస్తుంది. జుట్టు రంగును కూడా ఇలా ఇంట్లో పరీక్షించవద్దు. అందులోని పీపీడీ చాలా గట్టి అలర్జీ కారకం.

వదిన నాలుగు స్నానాలూ హాయిగా దాటింది. ఆ తర్వాత చుట్టాల పెళ్లికి వెళ్లి, అక్కడి బాత్రూమ్‌లో దొరికిన షాంపూ ప్యాకెట్‌తో తల కడుక్కుంది. సరిగ్గా రెండో రోజుకు కనురెప్పలు. "ఒక్కసారే కదా అనుకున్నాను" అంది ఫోన్‌లో. ప్యాకెట్ మీద జాబితా లేదు. అదే కంపెనీ అదే రకం పెద్ద సీసాను షాపులో తిప్పి చూస్తే చివరి వరుసలో ఆ రెండు 'జోలినోన్' పేర్లూ ఉన్నాయి. సీసాలోనూ ప్యాకెట్‌లోనూ ఉన్నది ఒకటేనని ఖాయంగా చెప్పలేం. అయినా డాక్టర్ ముందు పెట్టడానికి అది మంచి ఆధారం.

5. ప్యాచ్ టెస్ట్‌తో ఖాయం చేసుకోండి

ఇది రక్త పరీక్ష కాదు, సూది పోటూ కాదు. వీపు పైభాగంలో చిన్న చిన్న గిన్నెల్లో అనుమానిత పదార్థాలు పెట్టి అంటిస్తారు. 48 గంటల తర్వాత తీసి ఒకసారి, మళ్లీ అంటించిన నాలుగో రోజు ప్రాంతంలో ఇంకోసారి చూస్తారు. కొన్ని ఆలస్యంగా పైకి తేలుతాయి కాబట్టి రెండోసారి చూపించుకోకుండా ఊరుకోకండి. ఆ రోజుల్లో వీపు తడవకూడదు, చెమట పట్టే పని చేయకూడదు. మా వదినను నేను ఎండాకాలం దాటాకే పంపాను. స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నా, వీపుకు స్టెరాయిడ్ క్రీము రాస్తున్నా ముందే డాక్టర్‌కి చెప్పాలి. వాటి వల్ల ఉన్న అలర్జీ కూడా లేనట్టు కనబడవచ్చు.

అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది. చాలాచోట్ల మామూలుగా పెట్టేది ఇండియన్ స్టాండర్డ్ సిరీస్. అందులో సువాసనల మిశ్రమం, ఫార్మాల్డిహైడ్, పీపీడీ లాంటివి ఉంటాయి గానీ, ఐసోథయజోలినోన్ ఉంటుందన్న నమ్మకం లేదు. "కాస్మెటిక్ సిరీస్ పెడతారా డాక్టర్ గారూ, అందులో ఐసోథయజోలినోన్ ఉందా" అని ముందే అడగండి. లేకుండా చేసిన పరీక్షలో ఏమీ రాలేదంటే అర్థం, దాన్ని వెతకలేదని. మీ షాంపూలు, నూనెలు సీసాలతో సహా పట్టుకెళ్లండి. షాంపూను తగినంత పలచన చేసి పెట్టడం వాళ్లకు తెలుసు. క్యాలెండర్, ఫొటోలు కూడా వెంట ఉంచుకోండి.

వదినకు నాలుగో రోజు ఐసోథయజోలినోన్ జోడీ పెట్టిన చోట ఎర్రగా, గట్టిగా, సన్నటి పొక్కులతో తేలింది. సువాసనల చోట్లు మామూలుగానే ఉన్నాయి. క్యాలెండర్ చెప్పిన మాటా, వీపు చెప్పిన మాటా ఒకటే.

6. తేలాక చేయాల్సింది

ఒకసారి పుట్టిన ఈ అలర్జీ చాలాకాలం, తరచుగా జీవితాంతం ఉంటుంది. కాబట్టి పడని పదార్థం పేరు ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి, ఫోన్‌లోనూ ఫొటో ఉంచుకోండి. ప్రతిసారీ కొనేటప్పుడు, పాత బ్రాండే అయినా, జాబితా చదవండి.

ఐసోథయజోలినోన్ అని తేలినవాళ్లు షాంపూ దగ్గర ఆగిపోకూడదు. అంట్లు తోమే లిక్విడ్, హ్యాండ్‌వాష్, బట్టల లిక్విడ్, తడి టిష్యూల్లోనూ అది ఉండవచ్చు. వదినకు కుడి చేతి వేళ్ల మధ్య పగుళ్లు ఏడాదిగా ఉన్నాయి. నీళ్లలో నానడం వల్ల అనుకున్నాం. అంట్ల లిక్విడ్ మార్చాక నెలలో అవీ మానాయి. ఇంటి గోడలకు వేసే నీటి ఆధారిత పెయింట్లలో కూడా ఇది వాడతారు. తడి గోడ నుంచి గాల్లోకి లేచి ముఖం, కనురెప్పల మీద దద్దురు తెస్తుంది. ఇంటికి రంగులు వేయిస్తుంటే ఆ రోజుల్లో వేరేచోట ఉండి, రంగు ఆరాక కూడా కొన్ని వారాలు కిటికీలు తెరిచి ఉంచండి. మొన్న సంక్రాంతికి ముందు రంగులు వేయించినప్పుడు వదిన పిల్లల్ని తీసుకుని నెల రోజులు మా ఇంట్లోనే ఉంది. కుంకుళ్లు కొట్టే పని నాకు పడింది.